బోరు స్టార్టర్ మాన్యువల్‌కు కొత్త వెర్షన్ వస్తే, పాత తెలుగు వాక్యాలు ఎంతవరకు పనికొస్తాయి?

ప్రశ్న: "అన్నా, మాది మహబూబ్‌నగర్. పోయినేడు ఒక కంపెనీకి బోరు మోటరు స్టార్టర్ మాన్యువల్ తెలుగు చేసి ఇచ్చిన, వర్డ్‌లోనే. ఇప్పుడు కొత్త వెర్షన్ పంపిన్రు. ముప్పావు వంతు పాతదే ఉంది. ట్రాన్స్‌లేషన్ మెమరీ పెట్టుకుంటే పాత వాక్యాలు వాటంతట అవే వచ్చి కూర్చుంటయా? లేకుంటే మళ్లీ అంతా చదవాల్నా?"

వచ్చి కూర్చుంటాయి. కానీ అంతా చదవాలి కూడా. మెమరీ అంటే ఇంగ్లీషు వాక్యాన్నీ దాని తెలుగునూ జతలుగా దాచుకున్న ఫైలు. మీరు పోయినేడు చేసింది వర్డ్‌లో కాబట్టి మీ దగ్గర ఇంకా ఆ మెమరీ అనేదే లేదు. ముందు పాత ఇంగ్లీషు ఫైలును, పాత తెలుగు ఫైలును పక్కపక్కన పెట్టి దాన్ని తయారు చేసుకోవాలి. మీ మాన్యువల్ ఇరవై, ఇరవై అయిదు పేజీలుంటే అది ఒక రోజు పని. ఆ రోజు జాగ్రత్తగా చేస్తే తర్వాత వచ్చే ప్రతి వెర్షన్‌కూ పనికొస్తుంది. అజాగ్రత్తగా చేస్తే తప్పు వాక్యాలు కూడా అంతే నమ్మకంగా వచ్చి కూర్చుంటాయి.

నేను నల్లగొండలో ఉంటాను. బోరు స్టార్టర్లు, స్ప్రేయర్లు, మిర్యాలగూడ రైస్ మిల్లులకు వచ్చే మెషిన్లు, వీటి మాన్యువల్స్ చాలా ఏళ్లుగా తెలుగు చేస్తున్నాను. నేను వాడేది ఒమేగాటి అనే అనువాద సాఫ్ట్‌వేర్. ఉచితంగా దొరుకుతుంది, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. కింద చెప్పే మెనూలు, ఫోల్డర్లు దానివే. వేరే టూల్ వాడినా పని తీరు ఇంతే.

ముందు మెమరీ తయారీ గురించి. టూల్స్ మెనూలో `Align Files` ఉంటుంది. పాత ఇంగ్లీష్ డాక్స్, పాత తెలుగు డాక్స్ రెండూ ఇస్తే వాక్యాలుగా విడగొట్టి ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు తెలుగు వరుసలుగా చూపిస్తుంది. మొదట చూస్తే అన్నీ సరిగ్గానే జత కుదిరినట్టు కనిపిస్తాయి. మోసపోయేది అక్కడే. మన తెలుగుకు ఒక అలవాటు ఉంది కదా, రెండు మూడు చిన్న పనులు వరసగా చెప్పాల్సి వస్తే విడివిడిగా చెప్పం. "మెయిన్ ఆపి, తలుపు తెరిచి, వైర్లు చూడండి" అని ఒకే వాక్యంగా అంటాం. మంచి తెలుగు అదే. కానీ ఇంగ్లీషులో అవి మూడు వాక్యాలు:

```
Switch off the main supply.
Open the panel door.
Check the wires.
```

ఇప్పుడు ఎడమవైపు మూడు వరుసలు, కుడివైపు ఒకటే. టూల్ కొంతవరకు తెలివిగా సర్దుతుంది కానీ ఒక్కోసారి అక్కడి నుంచి తెలుగు ఒక వరుస పైకి జారిపోతుంది. అప్పటి నుంచి ప్రతి ఇంగ్లీషు వాక్యానికీ దాని తర్వాతి వాక్యపు తెలుగు జతపడుతుంది. ఇట్లా సేవ్ చేస్తే మెమరీలో "తలుపు మూయండి" అనే ఇంగ్లీషుకు "మోటరు స్టార్ట్ చేయండి" అనే తెలుగు వెళ్లి కూర్చుంటుంది. కొత్త వెర్షన్‌లో అది వంద శాతం మ్యాచ్‌గా వస్తుంది, ఎందుకంటే ఇంగ్లీషు వంద శాతం సరిపోయింది.

జారిందో లేదో పట్టుకోవడానికి నేను చేసేది ఒకటే. అంకెలున్న వరుసలు, హెడ్డింగులు చూసుకుంటూ కిందికి పోతాను. ఎడమవైపు "5 హెచ్‌పీ" ఉంటే కుడివైపు అదే వరుసలో 5 ఉండాలి. ఎడమవైపు చాప్టర్ పేరు ఉంటే కుడివైపూ చాప్టర్ పేరే ఉండాలి. ఒకచోట తప్పిందంటే దానికి పైన, చివరిసారి సరిగ్గా ఉన్న వరుస దగ్గరికి వెళ్లి వెతికితే జారిన చోటు దొరుకుతుంది. ఇరవై వరుసలకు ఒక్కసారైనా ఇట్లా ఆగి చూడండి.

జారిన చోటు దొరికాక ఏం చేయాలన్నది ఇంకో సంగతి. సులువు దారి, మూడు ఇంగ్లీషు వరుసలను ఒకటిగా కలిపేయడం. కలిపితే జత కుదురుతుంది. కానీ కొత్త ఫైలును టూల్ మళ్లీ మూడు వాక్యాలుగానే విడగొడుతుంది కాబట్టి మీరు కలిపి దాచుకున్న ఆ జత ఏ ఒక్కదానికీ పూర్తిగా సరిపోదు. దాచుకున్నా వాడుకోలేరు. అందుకని మళ్లీ మళ్లీ వచ్చే వాక్యాలకు తెలుగును అక్కడికక్కడే మూడుగా తిరగరాస్తాను. "మెయిన్ సప్లై ఆపండి. ప్యానెల్ తలుపు తెరవండి. వైర్లు చూడండి." కొంచెం ముక్కలుగా వినిపిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ మాన్యువల్‌లో స్టెప్పులకు ముందు నంబర్లు ఉంటాయి కాబట్టి చదివే రైతుకు అది ఇబ్బంది కాదు, సులువే అవుతుంది. ఒకే చోట, ముందుమాటలోనో వారంటీ పేజీలోనో వచ్చే వాక్యాలకు మాత్రం ఈ కష్టం పడను. వరుస పక్కన `Keep` అని టిక్ ఉంటుంది, అది తీసేస్తే ఆ జత మెమరీలోకి పోదు. అనుమానం ఉన్న ప్రతి వరుసకూ టిక్ తీసేయండి. లేని వాక్యాన్ని మళ్లీ అనువాదం చేసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. తప్పు జత మాత్రం ఎన్ని వెర్షన్ల దాకా వెంట వస్తుందో చెప్పలేం.

ఒకవేళ మీ పాత తెలుగు అను ఫాంట్లలో పేజ్‌మేకర్‌లో ఉంటే అది టూల్‌కు తెలుగుగా కనిపించదు, ఏవో గుర్తులుగా కనిపిస్తుంది. ముందు యూనికోడ్‌లోకి మార్చాలి, మార్చాక వత్తులు, సున్నాలు సరిగ్గా వచ్చాయో లేదో చూసుకోవాలి. మీరు వర్డ్‌లోనే చేశానన్నారు. యూనికోడ్‌లో టైప్ చేసి ఉంటే ఈ బాధ లేదు.

ఇంకో మాట. జత కట్టాల్సింది మీరు పంపిన తెలుగు ఫైలు కాదు, అచ్చయిన తెలుగు. నా మొదటి స్టార్టర్ మాన్యువల్ విషయంలో ఈ పొరపాటు చేశాను. నేను "విద్యుత్ సరఫరా" అని రాసి పంపితే, కంపెనీ సర్వీస్ ఇంజినీరు రైతులకు అర్థమయ్యేలా "కరెంటు" అని మార్చాడు. ఆయన చేసింది సరైన పని. కానీ ఆ మార్పులన్నీ ప్రెస్‌లో పేజీలు పెట్టేటప్పుడు చేశారు, నాకు తిరిగి రాలేదు. రెండో వెర్షన్‌కు నా మెమరీ పాత "విద్యుత్ సరఫరా"నే తెచ్చిపెట్టింది. కొత్త వాక్యాల్లో నేను "కరెంటు" అని రాశాను. ఒకే పేజీలో రెండు మాటలూ పడ్డాయి. ఆ ఇంజినీరు ఫోన్ చేసి, పోయినసారి దిద్దినవే మళ్లీ దిద్దుతున్నామని చాలా బాధపడ్డాడు. అప్పటి నుంచి పని మొదలుపెట్టే ముందే అచ్చయిన పుస్తకం కాపీ అడుగుతాను. ఫైలు ఇవ్వకపోతే పుస్తకమైనా ఇమ్మంటాను. పక్కన పెట్టుకుని తేడాలు తెలుగు ఫైల్లో ఎక్కించాకే జత కడతాను.

ఇక మెమరీ ఫైలు సిద్ధమయ్యాక కొత్త ప్రాజెక్టు తెరిచి, కొత్త ఇంగ్లీషు ఫైలును `source` ఫోల్డర్లో పెట్టండి. మెమరీ ఫైలును `tm` ఫోల్డర్లో పెడితే, సరిపోయే వాక్యాలను పక్క కిటికీలో చూపిస్తుంది, మీరు ఒప్పుకుంటేనే లోపలికి వస్తాయి. అదే `tm/auto`లో పెడితే, ఇంగ్లీషు అచ్చంగా అదే ఉన్న చోట్ల తెలుగు దానంతట అదే నిండిపోతుంది. అచ్చయిన ప్రతితో సరిచూసిన మెమరీ అయితే `tm/auto`లో పెట్టడానికి భయం లేదు. కానీ వ్యూ మెనూలో `Mark Auto-Populated Segments` ఆన్ చేసుకోండి. దానంతట అది నిండినవి వేరే రంగులో కనిపిస్తాయి. ఆ రంగు కనిపించిన ప్రతి వాక్యాన్నీ దాని ముందు వాక్యంతో కలిపి చదవాలి. ఎందుకో నా అనుభవంతో చెబుతాను, ఈ మొత్తం జవాబులో మీరు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

మన దగ్గర వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి మొదలైంది. అంతకు ముందు కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి చాలామంది రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటరు దానంతట అదే తిరిగేది. 24 గంటలు వచ్చాక ఆటో స్టార్టర్లు తీసేయమని అధికారులు ఊరూరా చెప్పారు, నీళ్లు ఊరికే పోతాయని, భూగర్భ జలం అడుగంటుతుందని. నేను చేసిన స్టార్టర్ మాన్యువల్‌ను ఆ కంపెనీ కూడా దానికి తగ్గట్టు మార్చింది. పాత వెర్షన్‌లో ముందు ఆటో పద్ధతి, తర్వాత మాన్యువల్ పద్ధతి ఉండేవి. కొత్తదాంట్లో మాన్యువల్ పద్ధతిని ముందుకు తెచ్చి వివరంగా రాశారు, ఆటోను చివరికి నెట్టారు. ఆటో చాప్టర్లో ఒక వాక్యం ఉండేది:

```
Keep the switch in this position.
```

దీన్ని మక్కికి మక్కిగా "స్విచ్‌ను ఈ స్థానంలో ఉంచండి" అనొచ్చు. కానీ నేను రైతుకు అర్థం కావాలని "స్విచ్‌ను ఆటో మీదే ఉంచండి" అని రాశాను. అప్పటికి అది సరైన తెలుగు. కొత్త వెర్షన్‌లో అదే ఇంగ్లీషు వాక్యం మాన్యువల్ పద్ధతి కింద వచ్చింది, అదీ మోటరు రిపేరుకు ముందు ఏం చేయాలో చెప్పే చోట. మెమరీ తన పని తాను చేసింది. "స్విచ్‌ను ఆటో మీదే ఉంచండి" అని నింపింది. వంద శాతం మ్యాచ్. ఆ పేజీ అట్లాగే అచ్చయి ఉంటే ఒక మెకానిక్ స్విచ్‌ను ఆటో మీద పెట్టి, కరెంటు లేదు కదా అని వైర్లు పట్టుకునేవాడు. కరెంటు వచ్చిన క్షణంలో మోటరు తిరిగేది.

నేను పట్టుకున్నాను, కానీ రెండోసారి చదివినప్పుడు. మొదటిసారి రంగులో ఉన్న వాక్యాలను గబగబా దాటేశాను. ఆ మాన్యువల్‌లో దాదాపు 430 వాక్యాలుంటే 290 దాకా వాటంతట అవే నిండాయి. రెండోసారి అన్నీ చదివితే ఆ 290లో పదకొండు చోట్ల తెలుగు మార్చాల్సి వచ్చింది. వాటిలో ఎక్కువ భాగం ఇట్లాంటివే. ఇంగ్లీషులో "ఇది", "అది", "ఈ భాగం" అని ఉన్నచోట నేను అసలు వస్తువు పేరు పెట్టి రాశాను. కొత్త వెర్షన్‌లో ముందు వాక్యం మారింది, వస్తువు మారింది, ఈ వాక్యం మాత్రం మారలేదు.

దీనికి మందు తెలుగును పాడుచేసుకోవడం కాదు. "దానిని బిగించండి" అని రాస్తే మెమరీకి బాగుంటుంది, రైతుకు దేన్ని బిగించాలో తెలియదు. పేరు పెట్టే రాయండి. మెమరీ నింపినప్పుడు మాత్రం ఇంగ్లీషులో అట్లాంటి మాటలున్న వాక్యాలను విడిగా వెతకండి. `Ctrl+F` నొక్కి, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఎంచుకుని `\bthis\b` అని ఒకసారి, `\bit\b` అని ఒకసారి కొడితే అన్నీ ఒక కిటికీలో వస్తాయి. ఒక్కొక్కటీ నొక్కి దాని ముందు వాక్యం చదవండి. 430 వాక్యాల మాన్యువల్‌కు నాకు అరగంట పట్టింది.

అయితే ఆటో చాప్టర్లో ఆ వాక్యం ఇంకా అట్లాగే ఉంది కదా. అక్కడ "ఆటో మీదే", ఇక్కడ "మాన్యువల్ మీదే" కావాలి. మామూలుగా ఒకచోట తెలుగు మారిస్తే అదే ఇంగ్లీషున్న అన్నిచోట్లా మారిపోతుంది. ఎడిట్ మెనూలో `Create Alternative Translation` నొక్కి రాస్తే ఆ ఒక్క చోటే మారుతుంది. టూల్ ఆ ప్రత్యేక అనువాదాన్ని ఫైలు పేరుతో, ముందు వెనక వాక్యాలతో కలిపి గుర్తుపెట్టుకుంటుంది. కాబట్టి ప్రతి వెర్షన్‌కూ ఫైలు పేరు మార్చకండి. కంపెనీ వాళ్లు వెర్షన్ నంబరు తగిలించి పంపుతారు. మీరు మాత్రం `source`లో పెట్టేటప్పుడు పాత పేరే పెట్టుకోండి. పేరు మారితే ఆ ప్రత్యేక అనువాదాలు అతుక్కోవు, మామూలు అనువాదమే వచ్చి కూర్చుంటుంది.

ఇక అంకెలు మారిన వాక్యాలు. ఇవి దానంతట అవి నిండవు, ఇంగ్లీషు అచ్చంగా అదే కాదు కాబట్టి. పక్క కిటికీలో సూచనగా వస్తాయి. పాత మాన్యువల్‌లో నీళ్లు లేకుండా మోటరు తిరిగితే 5 సెకన్లకు ఆగుతుందని ఉంది, కొత్తదాంట్లో 10 సెకన్లు చేశారనుకోండి. మీకు ఇట్లా కనిపిస్తుంది:

```
The motor trips after 5 seconds of dry run.
<100/100/94%>
```

మూడు శాతాలు ఎందుకంటే, మొదటి రెండూ అంకెలను పట్టించుకోకుండా లెక్కేసినవి. మూడోది అంకెలతో సహా లెక్కేసింది. మొదట కనిపించే వంద చూసి `Ctrl+R` కొట్టి ముందుకు పోతే 5 సెకన్లే మిగిలిపోతుంది. చూడాల్సింది మూడో అంకె. అది వంద కాకపోతే ఆగాలి. మీరు సూచనలను దానంతట అదే ఎక్కించే సెట్టింగ్ ఆన్ చేసి ఉంటే వాక్యం మొదట్లో `[fuzzy]` అని పడుతుంది. దాన్ని వాక్యం దిద్దాకే తీసేయండి, చివర్లో ఒకసారి ఆ మాట కోసం వెతికి ఎక్కడా మిగల్లేదని చూసుకోండి.

పని అయిపోయాక అంకెల కోసమే ఇంకోసారి తిరుగుతాను. వెతికే కిటికీలో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఎంచుకుని ఇది కొడతాను:

```
\d+
```

అంకె ఉన్న ప్రతి వాక్యం ఇంగ్లీషు, తెలుగు కలిపి వరసగా వస్తుంది. యాంపియర్లు, సెకన్లు, కేబుల్ సైజు ఒక్కొక్కటిగా పోల్చుకుంటాను. తెలుగులో "అయిదు సెకన్లు" అని అక్షరాల్లో రాసే అలవాటుంటే మానుకోండి, మాన్యువల్‌లో అంకెలే రాయండి. అక్షరాల్లో రాసిన అంకె మారిందో లేదో కంటికి దొరకదు.

ఒకవేళ ముప్పావు వంతు పాతదే అయినా మ్యాచ్‌లు చాలా తక్కువ వస్తే మెమరీని అనుమానించే ముందు ఫైలును చూడండి. కొత్త వెర్షన్‌ను పీడీఎఫ్ నుంచి వర్డ్‌లోకి మార్చి పంపి ఉంటారు. అట్లా మార్చిన ఫైల్లో ప్రతి లైను చివర పేరా విరిగిపోయి ఉంటుంది, ఒక వాక్యం రెండు సగాలుగా కనిపిస్తుంది. సగం వాక్యానికి పూర్తి వాక్యం ఎట్లా సరిపోతుంది? కంపెనీని అసలు వర్డ్ ఫైలు అడగండి. దాదాపు ప్రతిసారీ వాళ్ల దగ్గర ఉంటుంది, అడిగేవాళ్లు లేక పంపరు.

డబ్బుల గురించి మీరు అడగలేదు కానీ ఈ పనిలో తప్పక వస్తుంది. టూల్స్ మెనూలో `Match Statistics` నొక్కితే ఎన్ని వాక్యాలు అచ్చంగా సరిపోయాయి, ఎన్ని కొంత సరిపోయాయి, ఎన్ని కొత్తవి అన్నది లెక్క వస్తుంది. ఆ లెక్క చూసి కొందరు, సరిపోయినవాటికి డబ్బులివ్వం అంటారు. ఆ స్విచ్ వాక్యం సంగతి వాళ్లకు చెప్పండి. చదివినందుకు తక్కువ రేటైనా సరే తీసుకోండి, ఇవ్వనంటే ఆ వాక్యాలు మీరు చూడలేదని రాతపూర్వకంగా చెప్పండి. నేను ఇట్లా చెప్పిన తర్వాత చదవొద్దన్న కంపెనీ ఇంతవరకు ఒక్కటీ లేదు.

ఇప్పుడు మీరు ఈ రాత్రికి చేయగలిగింది ఒక్కటే, ఆ కంపెనీకి మెయిల్ పెట్టి పోయినేడు అచ్చయిన తెలుగు పుస్తకం, కొత్త ఇంగ్లీషు వర్డ్ ఫైలు రెండూ అడగండి. అవి వచ్చాక జత కట్టడంలో ఎక్కడైనా వరుసలు జారితే ఆ భాగం ఇక్కడ పెట్టండి, చూస్తాను.